ధాన్యం ఆరబెట్టే సౌర గాలి హీటర్: గాలి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో లెక్కించడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ లెక్క వేస్తున్న హీటర్ ఎలాంటిది?

ఇది బల్లపరుపుగా ఉండే పెట్టె. పైన ఒక గాజు పలక, దాని కింద కొంత ఖాళీ, ఆ తరువాత నల్ల రంగు వేసిన ఇనుప రేకు ఉంటాయి. రేకుకు, అడుగు పలకకు మధ్య ఉన్న సన్నని మార్గంలో గాలి ఒక చివర నుంచి మరో చివరకు వెళుతుంది. అడుగున, పక్కలా వేడి బయటికి పోకుండా ఇన్సులేషన్ ఉంటుంది. ఒక ఫ్యాన్ బయటి గాలిని ఈ మార్గం గుండా పంపుతుంది, వేడెక్కి వచ్చిన గాలి ధాన్యపు పొర కిందికి చేరుతుంది.

కింది సమాధానాలన్నీ ఒకే ఉదాహరణ మీద నడుస్తాయి. రేకు పొడవు 2 మీటర్లు, వెడల్పు 1 మీటరు, కాబట్టి వైశాల్యం 2 చదరపు మీటర్లు. గాలి మార్గం లోతు 15 మిల్లీమీటర్లు. హీటర్ వాలి ఉన్న తలం మీద పడే సూర్యరశ్మి చదరపు మీటరుకు 800 వాట్లు. బయటి గాలి 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండి, అదే ఉష్ణోగ్రతతో హీటర్‌లోకి ప్రవేశిస్తుంది. గాలి ప్రవాహం సెకనుకు 0.04 కిలోగ్రాములు.

శక్తి సమతుల్యాన్ని ఎలా రాయాలి?

ఎండ, గాలి నిలకడగా ఉండి ఉష్ణోగ్రతలు మారకుండా స్థిరపడిన స్థితిలో, రేకు పీల్చుకున్న వేడికి రెండే దారులుంటాయి. అది గాలిలోకి వెళ్ళాలి, లేదా పెట్టె నుంచి చుట్టూ ఉన్న వాతావరణంలోకి పోవాలి.

```
S·A = m·cp·(To − Ti) + UL·A·(Tp − Ta)
```

ఇందులో `S` అంటే రేకు ఒక చదరపు మీటరులో నిజంగా పీల్చుకునే శక్తి, `A` రేకు వైశాల్యం, `m` సెకనుకు ప్రవహించే గాలి ద్రవ్యరాశి, `cp` గాలి విశిష్టోష్ణం. `Ti`, `To` గాలి లోపలికి వెళ్ళేటప్పటి, బయటికి వచ్చేటప్పటి ఉష్ణోగ్రతలు. `Tp` రేకు సగటు ఉష్ణోగ్రత, `Ta` బయటి వాతావరణ ఉష్ణోగ్రత. `UL` మొత్తం ఉష్ణ నష్ట గుణకం. రేకు బయటి గాలి కంటే ఒక్క డిగ్రీ వేడిగా ఉంటే చదరపు మీటరుకు ఎన్ని వాట్లు పోతాయో అది చెబుతుంది.

పడిన 800 వాట్లు మొత్తం `S` కాదు. గాజు కొంత వెనక్కి పంపుతుంది, కొంత తానే పీల్చుకుంటుంది, నల్ల రంగు కూడా కొద్దిగా తిప్పి పంపుతుంది. మామూలు గాజు పలక, మంచి మాట్ నల్ల రంగు ఉన్నప్పుడు ఈ రెండూ కలిసిన గుణకాన్ని 0.82 గా తీసుకోవచ్చు. అప్పుడు `S` విలువ చదరపు మీటరుకు 656 వాట్లు, 2 చదరపు మీటర్ల రేకుకు మొత్తం 1312 వాట్లు.

నష్టాలను పక్కన పెడితే గాలి ఎంత వేడెక్కుతుంది?

గాలి విశిష్టోష్ణం కిలోగ్రాముకు, డిగ్రీకి 1006 జౌళ్ళు. సెకనుకు 0.04 కిలోగ్రాముల ప్రవాహాన్ని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి 40.24 వాట్లు కావాలి. 1312 వాట్లను 40.24 తో భాగిస్తే 32.6 డిగ్రీలు వస్తాయి.

ఇది హద్దు మాత్రమే. ఇదే ఎండలో, ఇదే ప్రవాహంతో ఈ హీటర్ 32.6 డిగ్రీలకు మించి వేడి పెంచలేదు. కొలతలో అంతకంటే ఎక్కువ కనబడితే ప్రవాహాన్ని ఎక్కువ అంచనా వేశారని, లేదా థర్మామీటరుకు ఎండ గానీ రేకు వేడి గానీ నేరుగా తగులుతోందని అనుమానించాలి. కొలిచిన అంకెను నమ్మే ముందు ఈ ఒక్క భాగహారం తప్పకుండా చేసి చూడటం మంచిది.

నష్టాన్ని లెక్కించేటప్పుడు రేకు ఉష్ణోగ్రత బదులు గాలి ఉష్ణోగ్రతను వాడవచ్చా?

వాడకూడదు. ఈ విషయంలో లెక్క చాలా తరచుగా తప్పుతుంది కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

పెట్టె నుంచి వేడి పోయేది ప్రధానంగా రేకు నుంచి, గాజు గుండా. రేకు తనలోని వేడిని గాలికి అందించాలంటే గాలికంటే తాను వేడిగా ఉండాలి. గాలి వేడిని అంత సులువుగా తీసుకోదు. నీటితో నడిచే సౌర హీటర్లలో రేకుకు, నీటికి తేడా కొద్ది డిగ్రీలే ఉంటుంది, గాలి హీటర్లలో అది ఇరవై, ముప్ఫై డిగ్రీలు ఉండటం మామూలే. అందువల్ల గాలి 40 డిగ్రీల వద్ద ఉన్నా రేకు 65 దాటి ఉండవచ్చు, నష్టం ఆ 65 ని బట్టే జరుగుతుంది.

రేకు నుంచి గాలికి వేడి చేరే సౌలభ్యాన్ని `h` అనే ఉష్ణ బదిలీ గుణకం చెబుతుంది. వేడికి ఒకవైపు గాలిలోకి `h` దారి, మరోవైపు బయటికి `UL` దారి ఉన్నప్పుడు, రేకు అంతా గాలి ఉష్ణోగ్రత వద్దే ఉండి ఉంటే దక్కాల్సిన వేడిలో నిజానికి ఎంత భాగం దక్కుతుందో ఈ నిష్పత్తి చెబుతుంది:

```
F' = h / (h + UL)
```

మన ఉదాహరణలో `h` విలువ చదరపు మీటరుకు, డిగ్రీకి 15 వాట్లు, `UL` 7 వాట్లు అనుకుందాం. అప్పుడు `F'` విలువ 15 ని 22 తో భాగించగా వచ్చే 0.682. అంటే రేకు గాలికంటే వేడిగా ఉండవలసి రావడం వల్లనే దాదాపు మూడో వంతు చేజారిపోతోంది.

మరి బయటికి వచ్చే గాలి ఉష్ణోగ్రతకు సూత్రం ఏమిటి?

గాలి మార్గం పొడవునా ఒక సన్నని ముక్క తీసుకుని అక్కడ శక్తి లెక్క రాస్తే, గాలి ముందుకు వెళ్ళే కొద్దీ వేడెక్కుతూ, వేడెక్కే కొద్దీ నష్టం పెరుగుతూ, చివరికి పెరుగుదల నెమ్మదించే తీరు కనిపిస్తుంది. ఆ ముక్కలన్నిటినీ కలిపితే, గాలి బయటి ఉష్ణోగ్రత వద్దే లోపలికి ప్రవేశించినప్పుడు, ఈ సూత్రం వస్తుంది:

```
To − Ta = (S/UL) · [1 − exp(−F'·UL·A / (m·cp))]
```

ఇప్పుడు అంకెలు వేద్దాం. 656 ని 7 తో భాగిస్తే 93.7 డిగ్రీలు. ఘాతంలో ఉన్న విలువ కోసం 0.682, 7, 2 లను గుణిస్తే 9.545, దాన్ని 40.24 తో భాగిస్తే 0.237. `exp(−0.237)` విలువ 0.789. ఒకటి నుంచి అది తీసివేస్తే 0.211. దీన్ని 93.7 తో గుణించగా 19.8 డిగ్రీలు వస్తాయి.

కాబట్టి 30 డిగ్రీల వద్ద లోపలికి వెళ్ళిన గాలి సుమారు 49.8 డిగ్రీల వద్ద బయటికి వస్తుంది. గాలికి దక్కిన వేడి 40.24 ను 19.8 తో గుణించిన 797 వాట్లు, హీటర్ మీద పడిన 1600 వాట్లలో ఇది దాదాపు సగం.

రేకు, గాలి ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉన్నాయని పొరపాటుగా భావించి `F'` ను 1 గా తీసుకుంటే ఇదే సూత్రం 27.5 డిగ్రీలు చూపిస్తుంది. ఆ 7.7 డిగ్రీల తేడా కాగితం మీద మాత్రమే దొరుకుతుంది, ధాన్యానికి చేరదు.

ఈ జవాబు సరైనదేనని ఎలా సరిచూసుకోవాలి?

రేకు ఉష్ణోగ్రతను రెండు దారుల్లో కనుక్కుని పోల్చాలి. మొదటిది నష్టం వైపు నుంచి: పీల్చుకున్న 1312 వాట్లలో 797 గాలికి వెళ్ళాయి కాబట్టి 515 వాట్లు బయటికి పోయాయి. `UL·A` విలువ డిగ్రీకి 14 వాట్లు, అంటే రేకు బయటి గాలి కంటే 36.8 డిగ్రీలు వేడిగా, 66.8 వద్ద ఉండాలి. రెండోది గాలి వైపు నుంచి: మార్గంలో గాలి సగటున 40.2 డిగ్రీల వద్ద ఉంటుంది. 797 వాట్లు 2 చదరపు మీటర్ల రేకు నుంచి, `h` 15 గా, గాలిలోకి వెళ్ళాలంటే రేకు గాలికంటే 26.6 డిగ్రీలు వేడిగా ఉండాలి. కలిపితే మళ్ళీ 66.8 వస్తుంది. రెండు దారులూ ఒకే అంకెకు చేరకపోతే ఎక్కడో గుణకారం తప్పిందని అర్థం.

ఇక్కడ తీసుకున్న 7, 15 అనే విలువలు ఎక్కడివి?

ఒకే గాజు పలక, నల్ల రంగు రేకు ఉన్న హీటర్లలో `UL` సాధారణంగా 6 నుంచి 9 మధ్య ఉంటుంది. ఇందులో అధిక భాగం గాజు వైపు నుంచే పోతుంది. అడుగున 5 సెంటీమీటర్ల మంచి ఇన్సులేషన్ వేస్తే అటునుంచి పోయేది 0.8 దాటదు. గాలి బలంగా వీచే చోట గాజు త్వరగా చల్లబడి `UL` పెరుగుతుంది.

`h` విలువ మార్గం లోతు మీద, గాలి వేగం మీద ఆధారపడుతుంది. మన హీటర్‌లో గాలి వేగం సెకనుకు సుమారు 2.4 మీటర్లు. ఆ వేగంలో నునుపైన మార్గానికి సంవహనం ద్వారా వచ్చేది 11 కి కాస్త ఎక్కువ. దానికి తోడు రేకు తన కింద ఉన్న అడుగు పలకకు వికిరణం ద్వారా వేడి పంపుతుంది, ఆ పలక వేడెక్కి అదే గాలికి దాన్ని అందిస్తుంది. ఈ రెండో దారి మరో 4 కలుపుతుంది, కాబట్టి మొత్తం 15. అడుగు పలక మెరిసే అల్యూమినియం అయితే ఈ రెండో దారి దాదాపు మూసుకుపోతుంది. అక్కడ వేడి ఆగాలని మెరిసే రేకు అంటిస్తుంటారు గానీ, గాలి రేకు కిందుగా వెళ్ళే ఈ అమరికలో నల్లటి అడుగు పలకే మేలు.

హీటర్ మీ ముందే ఉంటే `UL` ను పుస్తకంలో వెతకనక్కర్లేదు. రేకుకు అయిదారు చోట్ల థర్మోకపుల్స్ అతికించి సగటు ఉష్ణోగ్రత తీసుకోండి. పీల్చుకున్న వేడి నుంచి గాలికి దక్కిన వేడిని తీసివేసి, మిగిలిన వాట్లను వైశాల్యంతోనూ, రేకుకు బయటి గాలికి మధ్య తేడాతోనూ భాగిస్తే మీ హీటర్ అసలు గుణకం చేతికి వస్తుంది.

గాలి ప్రవాహాన్ని తగ్గిస్తే ఇంకా వేడి గాలి వస్తుంది కదా, అది మేలు కాదా?

వేడి గాలి వస్తుంది, కానీ మొత్తం మీద దక్కే వేడి తగ్గుతుంది. ప్రవాహం మారితే `h` కూడా మారుతుందన్నది మరిచిపోకూడదు: సెకనుకు 0.02 కిలోగ్రాముల వద్ద అది సుమారు 8 కి పడిపోతుంది, 0.08 వద్ద 25 కి చేరుతుంది. ఆ విలువలతో అదే సూత్రం ఈ ఫలితాలిస్తుంది.

| ప్రవాహం (సెకనుకు కిలోగ్రాములు) | ఉష్ణోగ్రత పెరుగుదల (డిగ్రీలు) | గాలికి దక్కిన వేడి (వాట్లు) |
|---|---|---|
| 0.02 | 29.0 | 584 |
| 0.04 | 19.8 | 797 |
| 0.08 | 11.9 | 958 |

ప్రవాహం నాలుగు రెట్లు పెరిగినప్పుడు గాలి వేడి 29 డిగ్రీల నుంచి 12 కి దిగింది, కానీ ధాన్యం వైపు వెళ్ళే వేడి 584 నుంచి 958 వాట్లకు పెరిగింది. నెమ్మదిగా వెళ్ళే గాలి రేకును చల్లబరచలేకపోతుంది, వేడెక్కిన రేకు తన వేడిని గాజు గుండా బయటికి వదిలేస్తుంది. అందుచేత బయటికి వచ్చే గాలి చేతికి ఎంత వేడిగా తగిలిందన్న దాన్ని బట్టి హీటర్ బాగా పనిచేస్తోందని అనుకోవడం సరికాదని నేను గట్టిగా చెబుతాను. ఉష్ణోగ్రత పెరుగుదల, ప్రవాహం రెండూ కలిస్తేనే వేడి అవుతుంది.

ధాన్యానికి ఈ మూడింటిలో ఏది తగినది?

ధాన్యం ఏ పనికి ఆరబెడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. విత్తనానికి ఉంచే ధాన్యాన్ని ఆరబెట్టేటప్పుడు గాలి ఉష్ణోగ్రతను 43 డిగ్రీల దగ్గర ఆపడం వాడుకలో ఉన్న హద్దు, అది దాటితే మొలక శాతం దెబ్బతింటుంది. బయట 30 డిగ్రీలుంటే మనకు మిగిలేది 13 డిగ్రీల పెరుగుదల మాత్రమే. అంటే పట్టికలో చివరి వరుసే తగినది. తినడానికి వాడే ధాన్యం అంతకంటే ఎక్కువ వేడిని తట్టుకున్నా, పైపొర త్వరగా ఎండి లోపలి తేమ వెనకబడితే గింజలో పగుళ్ళు వచ్చి, మరపట్టినప్పుడు విరిగిపోతుంది.

ఆరబెట్టే శక్తి గాలి సాపేక్ష ఆర్ద్రత మీద కూడా ఆధారపడుతుంది. బయటి గాలిలో 70 శాతం ఆర్ద్రత ఉందనుకుందాం. హీటర్ గాలికి తేమ కలపదు, తీసివేయదు. వేడెక్కించడం వల్ల మాత్రమే దాని సాపేక్ష ఆర్ద్రత తగ్గుతుంది. 42 డిగ్రీలకు చేరేసరికి అది దాదాపు 36 శాతం అవుతుంది, 50 డిగ్రీల వద్ద 24, 59 వద్ద 16 కి దిగుతుంది. 36 శాతమే నిల్వకు తగినట్లు ధాన్యాన్ని ఆరబెట్టడానికి సరిపోతుంది. అంతకంటే పొడి గాలి పంపితే పొర అడుగున ఉన్న గింజలు అవసరానికి మించి ఎండి, పైన ఉన్నవి ఇంకా తడిగానే మిగిలే ప్రమాదం ఉంది.

కావలసిన ఉష్ణోగ్రత ముందే తెలిస్తే, దానికి తగిన ప్రవాహాన్ని ఎలా కనుక్కోవాలి?

సూత్రాన్ని తిరగేయాలి. ఇందులో `ΔT` అంటే కావలసిన ఉష్ణోగ్రత పెరుగుదల:

```
m·cp = −F'·UL·A / ln(1 − ΔT·UL/S)
```

12 డిగ్రీల పెరుగుదల కావాలనుకుందాం. 12 ని 93.7 తో భాగించి ఒకటి నుంచి తీసివేస్తే 0.872, దాని సహజ లాగరిథం −0.137. చిక్కు ఏమిటంటే `F'` విలువ ప్రవాహాన్ని బట్టే మారుతుంది, మనకు ప్రవాహం ఇంకా తెలియదు. కాబట్టి మొదట పాత విలువ 0.682 తోనే మొదలుపెట్టాలి. అప్పుడు `m·cp` 69.7, ప్రవాహం సెకనుకు 0.069 కిలోగ్రాములు. ఆ ప్రవాహానికి `h` సుమారు 22.5 అవుతుంది, `F'` 0.763 కి పెరుగుతుంది, తిరిగి లెక్కిస్తే ప్రవాహం 0.077. ఇంకొక్కసారి చేస్తే 0.079 దగ్గర నిలుస్తుంది. మూడు విడతలకు మించి సాధారణంగా అవసరం రాదు.

మొదటి విడత దగ్గరే ఆగిపోయి 0.069 కి ఫ్యాన్ అమర్చితే గాలి 12 కి బదులు 13 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. బయట 30 డిగ్రీలున్నప్పుడు అది విత్తన హద్దును కాస్త దాటిస్తుంది.

ఈ హీటర్‌తో ఎంత ధాన్యం ఆరుతుంది?

100 కిలోల ధాన్యాన్ని 20 శాతం తేమ నుంచి 14 శాతానికి తేవాలనుకుందాం. అందులో నీరు పోగా ఉన్న పొడి పదార్థం 80 కిలోలు, అది మారదు. 14 శాతం తేమ వద్ద మొత్తం బరువు 80 ని 0.86 తో భాగించిన 93 కిలోలు. కాబట్టి తీయవలసిన నీరు 7 కిలోలు. 20 నుంచి 14 తీసివేసి 6 కిలోలు అనుకోవడం తప్పు, ఎందుకంటే రెండు శాతాలూ వేర్వేరు మొత్తాల మీద లెక్కించినవి.

కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.4 మెగాజౌళ్ళు కావాలి, మొత్తం దాదాపు 16.8 మెగాజౌళ్ళు. 797 వాట్లు నిలకడగా దక్కి, అదంతా నీటిని ఆవిరి చేయడానికే పోతే 6 గంటలకు కాస్త తక్కువ పడుతుంది. వాస్తవంలో కొంత వేడి ధాన్యాన్ని వేడెక్కించడానికి పోతుంది, కొంత పొర దాటి వాడకుండానే వెళ్ళిపోతుంది, తేమ తగ్గే కొద్దీ మిగిలిన నీరు గింజను అంటిపెట్టుకుని రావడానికి మొండికేస్తుంది. సగమే ఉపయోగపడుతుందని తీసుకుంటే ఇలాంటి ఎండ 12 గంటలు కావాలి. రోజంతా 800 వాట్ల ఎండ ఉండదు కనుక కనీసం రెండు మంచి రోజులు.

రెండో గాజు పలక వేస్తే ఉష్ణోగ్రత బాగా పెరుగుతుందా?

పెద్దగా పెరగదు. రెండో గాజు నష్టాన్ని తగ్గిస్తుంది, కానీ లోపలికి వచ్చే ఎండను కూడా తగ్గిస్తుంది. `UL` 7 నుంచి 4 కి దిగి, గాజు, రంగు కలిసిన గుణకం 0.82 నుంచి 0.73 కి తగ్గిందనుకుంటే పెరుగుదల 19.8 నుంచి 21.2 కి మాత్రమే చేరుతుంది. అదే ఖర్చును గాలి మార్గం మీద పెట్టి, రేకు అడుగున పొడవు వెంబడి సన్నని లోహపు పట్టీలు అతికించి `h` ను 15 నుంచి 30 కి పెంచగలిగితే పెరుగుదల 23.0 అవుతుంది. రేకు తన వేడిని గాలికి ఇవ్వలేకపోవడమే ఈ హీటర్ అసలు లోపం కాబట్టి మందు కూడా అక్కడే వేయాలి. పట్టీలు మార్గాన్ని ఇరుకు చేసి ఫ్యాన్ మీద భారం పెంచుతాయి, కానీ ధాన్యపు పొర ఇచ్చే నిరోధం ముందు అది సాధారణంగా చిన్నదే.

మబ్బు పట్టినప్పుడు ఏమవుతుంది?

ప్రవాహం, `UL` మారకపోతే పెరుగుదల ఎండకు అనులోమంగా ఉంటుంది. 400 వాట్ల వద్ద అది 9.9 డిగ్రీలు. మబ్బు వచ్చి పోతుంటే గాజు, రేకు వేడెక్కడానికి, చల్లబడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి ఆ సమయంలో తీసుకున్న కొలతలకు స్థిర స్థితి సూత్రం వర్తించదు.

ధాన్యం దాటి వచ్చిన గాలినే మళ్ళీ హీటర్‌కు పంపవచ్చా?

అప్పుడు గాలి బయటి ఉష్ణోగ్రత కంటే ఎక్కువ వేడితో లోపలికి ప్రవేశిస్తుంది, సూత్రం ఇలా మారుతుంది:

```
To − Ti = [S/UL − (Ti − Ta)] · [1 − exp(−F'·UL·A / (m·cp))]
```

గాలి 40 డిగ్రీల వద్ద ప్రవేశిస్తే పెరుగుదల 19.8 కి బదులు 17.7. బయటికి వచ్చే గాలి 57.7 డిగ్రీలుగా ఆకర్షణీయంగా కనిపిస్తుంది, కానీ దక్కిన వేడి తగ్గింది, పైగా ఆ గాలి అప్పటికే తేమ మోస్తోంది. ధాన్యం దాదాపు ఆరిపోయి, పొర దాటిన గాలి ఇంకా పొడిగా ఉన్న చివరి దశలో తప్ప ఇది లాభించదు.

గాలిలో తేమ ఉంటే విశిష్టోష్ణం మారదా?

కొద్దిగా మారుతుంది. 30 డిగ్రీలు, 70 శాతం ఆర్ద్రత వద్ద తేమ గాలి విశిష్టోష్ణం 1006 కి బదులు దాదాపు 1022. తేడా రెండు శాతం లోపే, ప్రవాహం కొలవడంలో వచ్చే పొరపాటు దీనికంటే చాలా ఎక్కువ.

కొలిచిన ఉష్ణోగ్రత లెక్కతో సరిపోకపోతే తప్పు ఎక్కడ వెతకాలి?

ముందుగా ప్రవాహం దగ్గర. ఎనిమోమీటరు గాలి వేగాన్ని చెబుతుంది, మనకు కావలసింది ద్రవ్యరాశి. గొట్టం మధ్యలో వేగం అంచుల దగ్గర కంటే ఎక్కువగా ఉంటుంది, సగటు వేగం మధ్య వేగంలో సుమారు 0.8 వంతు. మధ్యలో ఒక్కచోట కొలిచి దాన్నే సగటు అనుకుంటే ప్రవాహాన్ని దాదాపు పాతిక శాతం ఎక్కువ అంచనా వేస్తారు. అడ్డంగా, నిలువుగా అనేక చోట్ల కొలిచి సగటు తీసుకోవాలి. వేడి గాలి గొట్టంలో కొలుస్తుంటే ఆ ఉష్ణోగ్రతకు తగిన సాంద్రతే వాడాలి: 30 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలి బరువు 1.16 కిలోలు, 50 వద్ద 1.09.

తరువాత థర్మామీటరు. బయటికి వచ్చే చోట దాని కొన వేడి రేకుకు ఎదురుగా ఉంటే వికిరణం వల్ల గాలి అసలు వేడి కంటే ఎక్కువ చూపుతుంది. గాలి ఒక వంపు తిరిగి బాగా కలిసిన తరువాత, ఇన్సులేషన్ చుట్టిన గొట్టంలో కొలవాలి. లోపలికి వెళ్ళే గాలిని కొలిచే థర్మామీటరు నీడలో ఉండాలి. ఫ్యాన్ హీటర్‌కు ముందు ఉంటే దాని మోటారు వేడి కూడా గాలిలో కలుస్తుంది: 20 వాట్లు అయితే మన ప్రవాహానికి అర డిగ్రీ.

ఇక గాలి కారిపోవడం. ఫ్యాన్ గాలిని హీటర్‌లోకి నెడుతుంటే సందుల్లోంచి వేడి గాలి బయటికి పోతుంది. ఉష్ణోగ్రత బాగానే కనిపిస్తుంది, ధాన్యానికి చేరే గాలి మాత్రం తగ్గుతుంది. ఫ్యాన్ హీటర్ తరువాత ఉండి గాలిని లాగుతుంటే సందుల్లోంచి చల్లగాలి లోపలికి వచ్చి కలుస్తుంది, ఉష్ణోగ్రత లెక్క కంటే తక్కువ వస్తుంది. లోపలికి వెళ్ళే చోట, బయటికి వచ్చే చోట ద్రవ్యరాశి ప్రవాహాన్ని కొలిచి పోలిస్తే ఏ రకమో తెలుస్తుంది. అగరువత్తి పొగను అతుకుల వెంబడి నెమ్మదిగా జరిపితే సందు ఎక్కడుందో కనబడుతుంది.

ధాన్యం పోసిన తరువాత మళ్ళీ కొలవడం మానకూడదు. ఖాళీ డ్రయ్యర్‌లో 0.08 ఇచ్చిన ఫ్యాన్, మందపాటి పొర ఎదురైనప్పుడు 0.04 మాత్రమే ఇవ్వవచ్చు. అప్పుడు థర్మామీటరు 42 నుంచి 50 కి ఎక్కుతుంది. అలా వేడి పెరగడం హీటర్ మెరుగుపడిందనడానికి గుర్తు కాదు, గాలి ఆగిపోతోందనడానికి గుర్తు. విత్తనమైతే పొర మందాన్ని వెంటనే తగ్గించాలి. ఫ్యాన్ పూర్తిగా ఆగితే రేకు బయటి గాలి కంటే 90 డిగ్రీలకు పైగా ఎక్కువ వేడెక్కగలదు కాబట్టి, హీటర్ లోపల వాడే జిగురు, సీలు, ఇన్సులేషన్ 120 డిగ్రీలకు పైగా వేడిని తట్టుకునేవై ఉండాలి; థర్మోకోల్ అంతకు చాలా ముందే మెత్తబడి కుంగిపోతుంది.